గైడ్ బల్ల మీద గడిచే రోజులు: థీసిస్ చివరి మూడు సెమిస్టర్ల లెక్క

ఫీల్డ్‌వర్క్ అయిపోయి, ఇక రాయడమే మిగిలిందనుకునే స్కాలర్ దగ్గర సాధారణంగా ఒక ప్లాన్ కాగితం ఉంటుంది. జులైలో ఒక అధ్యాయం, సెప్టెంబరులో ఇంకొకటి, డిసెంబరుకల్లా మూడు, వచ్చే ఏడాది ఈపాటికి సబ్మిషన్. ఇలాంటి కాగితాలు చాలా చూశాను. వాటిలో రాసే రోజులకు చోటు ఉంటుంది, గైడ్ చదివే రోజులకు ఉండదు. అధ్యాయం ఇచ్చిన మర్నాడే కరెక్షన్స్ చేతికొస్తాయన్నట్టు తర్వాతి గడి మొదలైపోతుంది.

నా థీసిస్ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. మూడు అధ్యాయాలు, 120 పేజీలు, ఒకే కట్టగా మార్చి చివరి వారంలో మా గైడ్ గారి చేతికిచ్చాను. ఏప్రిల్లో పరీక్షలు, మేలో స్పాట్ వాల్యుయేషన్, ఆ తర్వాత సెలవులు. కట్ట నాకు జులై రెండో వారంలో తిరిగి వచ్చింది. పెన్సిల్ గుర్తులు మొదటి నలభై పేజీల వరకే ఉన్నాయి. మూడున్నర నెలలు పోయాయి, మిగిలిన ఎనభై పేజీల మీద ఆయన అభిప్రాయం ఏమిటో నాకు తెలియలేదు. ఇచ్చేటప్పుడు "ఎప్పటికల్లా చూడగలరు సార్" అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు నేనే గైడ్‌ని. బల్లకు ఇటువైపు కూర్చున్నాక ఆ మూడున్నర నెలలు ఎలా పోయాయో బాగా అర్థమైంది.

ముందు లెక్క చూద్దాం. సాంఘిక శాస్త్రాల్లో ఆరు అధ్యాయాల థీసిస్ అనుకోండి, మొత్తం 220 పేజీల వరకు. ఒక్కో అధ్యాయం గైడ్ దగ్గరికి కనీసం రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి వాదన సరిగా ఉందో లేదో చూడటానికి, రెండోసారి చెప్పిన మార్పులు జరిగాయో లేదో చూడటానికి. మొదటి చదువుకు మూడు వారాలు, రెండోదానికి 11 రోజులు వేసుకుందాం. అంటే అధ్యాయానికి 32 రోజులు, ఆరింటికి 192 రోజులు. చివర్లో మొత్తం థీసిస్‌ను ఒకేసారి చదవడానికి ఇంకో 35 రోజులు. కలిపితే 227 రోజులు, అంటే ఏడున్నర నెలలు. ఏడాదిన్నర ప్లాన్‌లో దాదాపు నలభై శాతం కాలం మీ రాత గైడ్ బల్ల మీద ఉంటుంది. ఆ రోజులను తప్పించడం కుదరదు. అవి ఏ నెలల్లో పడాలో, ఆ సమయంలో మీరు ఏం రాస్తుండాలో మాత్రం ముందే నిర్ణయించుకోవచ్చు. థీసిస్ షెడ్యూల్ అంటే ముఖ్యంగా ఇదే.

బయటి గడువులు

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు పెంచుకోవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి అదనంగా మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి పరిశోధన సలహా సంఘం ముందు, అంటే అందరూ ఆర్‌ఏసీ అనే కమిటీ ముందు, పని ఎంతవరకు వచ్చిందో చూపించాలి. ఆ కమిటీకి కన్వీనర్ మీ గైడే. థీసిస్ ఇచ్చే ముందు అదే కమిటీ ముందు ప్రీ-సబ్మిషన్ ప్రజెంటేషన్ ఉంటుంది, దానికి మిగతా అధ్యాపకులూ స్కాలర్లూ రావచ్చు.

జేఆర్ఎఫ్ ఉన్నవారికి వీటికంటే దగ్గరి గడువు ఇంకొకటి ఉంది. ఫెలోషిప్ జేఆర్ఎఫ్ రెండేళ్లు, ఎస్ఆర్ఎఫ్ మూడేళ్లు, మొత్తం ఐదేళ్లే. రిజిస్ట్రేషన్‌కు ఆరేళ్లు ఉన్నాయన్న ధైర్యంతో ఐదో ఏడు దాటించినవాళ్లు ఆరో ఏడు జీతం లేకుండా, ఏదో కాలేజీలో గెస్ట్ క్లాసులు చెప్పుకుంటూ రాయాల్సి వస్తుంది. అలా రాసిన నెలలో ఎన్ని పేజీలు వస్తాయో అనుభవించినవాళ్లకే తెలుసు. అందుకే ప్లాన్ ఫెలోషిప్ ముగిసే నెల నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

ఒక స్కాలర్‌ను ఊహించుకుందాం. తెలంగాణలో ఒక యూనివర్సిటీ, 2022 జనవరిలో చేరింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో నీటి పంపకం ఎలా జరుగుతోందన్నది ఆమె అంశం. ఆరు చెరువులు, చెరువుకు ఇరవై మంది చొప్పున 120 మంది రైతులు. ఫీల్డ్‌వర్క్ 2025 జూన్‌లో ముగిసింది. ఫెలోషిప్ 2027 జనవరి వరకు. 2026 డిసెంబరులో థీసిస్ ఇచ్చేయాలి. చేతిలో ఉన్నవి మూడు సెమిస్టర్లు.

అధ్యాయాలు ఇవి. ఒకటి ఉపోద్ఘాతం, రెండు పూర్వ పరిశోధనల సమీక్ష, మూడు అధ్యయన ప్రాంతమూ పద్ధతీ, నాలుగు నీటి పంపకం, ఐదు చెరువు నిర్వహణలో, పొలాలకు నీరు వదిలే నీరటి పాత్ర, ఆరు ముగింపు. రాయాల్సిన వరుస మాత్రం ఇది కాదు. నాలుగు, ఐదు, మూడు, రెండు, ఆరు, ఒకటి.

సమీక్షతో, అంటే రివ్యూతో, మొదలుపెట్టడం వల్ల చాలామంది ఏడాది పోగొట్టుకుంటారు. చదవాల్సిన వ్యాసాలకు అంతు ఉండదు, ఒక్కొక్కటీ ఇంకో పదిటికి దారి చూపిస్తుంది. డేటా అధ్యాయాలు ముందు రాస్తే, ఏ చర్చకు మీ దగ్గర జవాబు ఉందో తేలిపోతుంది. రివ్యూ ఆ చర్చ చుట్టూ కుదురుకుంటుంది. ఈ స్కాలర్ ముందుగా రివ్యూ రాసి ఉంటే భూగర్భజలాల మీద ఇరవై పేజీలు రాసేది. నాలుగో అధ్యాయం రాశాక ఆ ఇరవై పేజీలు అక్కర్లేదని, 1997 నాటి రైతుల నీటి యాజమాన్య చట్టం మీద జరిగిన చర్చ కావాలని తెలిసింది.

మొదటి సెమిస్టర్: రెండు డేటా అధ్యాయాలు

జులైలో మొదటి మూడు వారాలు ఆమె ఏ అధ్యాయమూ రాయదు. రాబోయే రెండు అధ్యాయాల్లో ఉండే పట్టికలను ఖాళీగా గీస్తుంది. అడ్డం గడులకు పేర్లు, నిలువు గడులకు పేర్లు, ఎన్ని మంది వస్తారో అంకె, అంతే. ఒక్కో అధ్యాయానికి రెండు పేజీల వరుసక్రమం. జులై 21న గైడ్‌తో మొదటి చర్చ వీటి మీదే జరుగుతుంది.

ఈ చిన్న చర్చ ఎంత పని చేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆయకట్టు చివర్లో పొలం ఉన్న రైతులు నీటి పంపకంలో ఎంత నష్టపోతున్నారో కులాల వారీగా చూపించాలని ఆమె ఆలోచన. ఖాళీ పట్టికలో అంకెలు వేసి చూస్తే, 120 మందిలో చివరి ఆయకట్టు వాళ్లు 18 మందే. వాళ్లను నాలుగు వర్గాలుగా విడదీస్తే మూడు గడుల్లో ఐదారుగురు చొప్పున, ఒక గడిలో ఇద్దరే. ఇద్దరిలో ఒకరు అవునంటే యాభై శాతం అని రాయాల్సి వస్తుంది. దానికి అర్థం లేదు. గైడ్ గారు ఆ కాగితం మీదే పట్టికను రెండుగా చేయించారు. తూము దగ్గరివాళ్లు, చివరివాళ్లు అన్న తేడాకు అంకెలు వాడాలి. కులం విషయం ఆ 18 మంది మాటల్లోంచి, ఇంటర్వ్యూల ఆధారంగా చెప్పాలి. ఇది ముప్పై అయిదు పేజీలు రాశాక బయటపడి ఉంటే ఐదు వారాల పని తిరగరాయాల్సి వచ్చేది.

ఆ తర్వాత రాత మొదలవుతుంది. పట్టికలు సిద్ధంగా ఉంటే వారానికి ఏడెనిమిది పేజీలు రాయడం సాధ్యమే. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు పేజీలు అన్నమాట. అయిదో రోజు ఇంటర్వ్యూ మాటల అనువాదానికి పోతుంది. రైతులు తెలుగులో చెప్పింది ఇంగ్లీషు థీసిస్‌లోకి మార్చడానికి ఎవరూ రోజులు కేటాయించరు. నీరటి, తూము, అలుగు లాంటి మాటలను అలాగే ఉంచి చివర్లో అర్థాల పట్టిక ఇవ్వాలా, ప్రతిసారీ అనువదించాలా అన్నది అన్నిటికంటే ముందు రాసే అధ్యాయం దగ్గరే తేల్చుకోవాలి. లేకపోతే నాలుగో అధ్యాయంలో ఒక మాట, ఐదులో ఇంకో మాట పడి, చివర్లో వాటిని కలపడానికే వారం పడుతుంది.

నాలుగో అధ్యాయం ఆగస్టు 25న గైడ్ చేతికి వెళుతుంది. చర్చ సెప్టెంబరు 15న. ఈ రెండో తేదీని ఇచ్చేరోజే ఇద్దరూ కలిసి రాసుకుంటారు. 22న పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ 21న, ఆ వారంలోనే దసరా సెలవులు. అప్పుడు తేదీ తప్పితే అక్టోబరు దాకా ఎవరూ దొరకరు. సెలవుకు వారం ముందు చర్చ పెట్టుకుంటే, సెలవులు ఆమెకు కరెక్షన్స్ చేసుకునే రోజులవుతాయి. అక్టోబరు 6న రెండో ప్రతి, 17న దాని మీద మాట. దీపావళికి నాలుగో అధ్యాయం పక్కకు వెళ్లిపోతుంది.

ఆగస్టు 26 నుంచే ఆమె ఐదో అధ్యాయంలో ఉంది. గైడ్ బల్ల మీద ఒకటి, తన బల్ల మీద ఇంకొకటి. గైడ్ దగ్గర రెండు అధ్యాయాలు ఎప్పుడూ ఉండకూడదని నేను మా స్కాలర్లకు గట్టిగా చెబుతాను. రెండు ఉంటే రెండూ పక్కకు పోతాయి. ముప్పై అయిదు పేజీలు అయితే ఒక ఆదివారం, రెండు సాయంత్రాలు దొరికితే చదివేయవచ్చు. 120 పేజీలంటే వారం సెలవు కావాలి. ఆ వారం ఏ గైడ్‌కీ దొరకదు. ప్రొఫెసర్‌కు యూజీసీ ఎనిమిది మంది స్కాలర్ల వరకు అనుమతిస్తుంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నలుగురు. మీలాంటి కట్టలు ఆ బల్ల మీద ఇంకా ఉన్నాయి.

ఐదో అధ్యాయం అక్టోబరు 27న వెళ్లి నవంబరు 17న చర్చకు వస్తుంది. రెండో ప్రతి డిసెంబరు 1న, దాని మీద మాట 12న. ఆర్‌ఏసీ డిసెంబరు 15న.

ఇచ్చే కాగితం, తీసుకునే కాగితం

అధ్యాయంతో పాటు ఒక పేజీ ఇవ్వండి. ఈ అధ్యాయం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో రెండు వాక్యాలు. గైడ్ నిర్ణయించాల్సిన విషయాలు మూడు, అంతకు మించొద్దు. ఇంకా పూర్తికానివి ఏమిటో రెండు లైన్లు. మన స్కాలర్ నాలుగో అధ్యాయంతో ఇచ్చిన పేజీలో ఇలా అడిగింది: "మూడో చెరువులో నీరటి లేడు, దాన్ని మిగతా ఐదింటితో కలిపి లెక్కించాలా, విడిగా పెట్టాలా?" ఇలాంటి ప్రశ్నకు గైడ్ జవాబు చెప్పకుండా ఉండలేరు. "సార్, చూసి చెప్పండి" అని మాత్రమే ఇస్తే కామాలు దిద్దిన కాగితాలు తిరిగొస్తాయి.

ఫైలు పేరులో అధ్యాయం, ప్రతి, తేదీ మూడూ ఉండాలి. `Ch4_v1_2025-08-25.docx` వెళ్లింది, కరెక్షన్స్ తర్వాత `Ch4_v2_2025-10-06.docx` వెళుతుంది. `final_new_corrected.docx` లాంటి పేర్లు రెండు నెలల తర్వాత ఎవరికీ అర్థం కావు. గైడ్ పాత ప్రతిని చదివి దిద్దిన సందర్భాలు నేను చూశాను. ఇద్దరి శ్రమా వృథా.

చర్చ నుంచి బయటికి రాగానే, అదే సాయంత్రం, కరెక్షన్స్‌ను ఒక పట్టికలో ఎక్కించాలి. గైడ్ ఏమన్నారు, ఏం చేశాను, ఏ పేజీలో. ఒప్పుకోని మార్పు ఉంటే ఎందుకు చేయలేదో కూడా అందులోనే రాయాలి. రెండో ప్రతితో ఆ పట్టిక కూడా వెళితే, గైడ్ మళ్లీ ముప్పై అయిదు పేజీలూ చదవక్కర్లేదు. రెండో చదువుకు మూడు వారాల బదులు 11 రోజులు చాలని నేను వేసింది ఈ పట్టికను నమ్ముకునే.

తిరిగొచ్చిన కాగితాలు కూడా కొన్ని సంగతులు చెబుతాయి. గుర్తులు మొదటి పది పేజీల్లోనే ఉంటే, మిగతాది చదవలేదని అర్థం. అచ్చుతప్పులు, వాక్య దోషాలు మాత్రమే దిద్ది ఉంటే, కళ్లతో చూశారు గానీ వాదన దాకా వెళ్లలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ "గైడ్ ఓకే అన్నారు" అనుకుని ముందుకు వెళ్లడం చాలా ప్రమాదం, ఎందుకంటే ఆ వాదన మీద అసలు అభ్యంతరం ప్రీ-సబ్మిషన్ రోజున అందరి ముందూ బయటపడుతుంది. అలాంటప్పుడు అధ్యాయం మళ్లీ చదవమని అడగొద్దు. ఒక్క పట్టిక, దాని కింద మీరు రాసిన రెండు పేరాలు పట్టుకుని వెళ్లి అరగంట అడగండి. అరగంటలో ఆ రెండు పేరాలు ఎదురుగా చదివితే మొత్తం అధ్యాయం గురించి ఏమనుకుంటున్నారో వాళ్ల నోటి నుంచే వస్తుంది.

ఇక అసలు మాటే రాకపోతే? చర్చ తేదీకి వారం ముందు ఒక చిన్న మెసేజ్ పెట్టాలి. "సార్, 15న నాలుగో అధ్యాయం గురించి కూర్చుందామనుకున్నాం, ఆ రోజు మీకు వీలవుతుందా?" తేదీ ముందే ఒప్పుకున్నది కాబట్టి అడగడానికి మొహమాటం ఉండదు. తేదీ లేకుండా ఇచ్చినప్పుడే "చూశారా సార్" అని అడగలేక స్కాలర్లు కారిడార్లో తిరుగుతుంటారు. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

డిసెంబరు ఆర్‌ఏసీ

చాలామంది దీన్ని సంతకాల తంతుగా చూస్తారు. నా దృష్టిలో షెడ్యూల్‌ను కాపాడే సాధనం ఇదే. మన స్కాలర్ రెండు డేటా అధ్యాయాలు చూపించింది. కమిటీలో ఒకరు, పూడిక తీయని చెరువులను కూడా చూసి పోల్చాలి కదా అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి కొత్తగా ఫీల్డ్‌వర్క్ కావాలి, కనీసం నాలుగు నెలలు. గైడ్, కమిటీ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. పోలిక లేకపోవడాన్ని పరిమితిగా మూడో అధ్యాయంలో స్పష్టంగా రాయాలి, కొత్త డేటా సేకరించక్కర్లేదు. ఆ మాట మినిట్స్‌లో ఎక్కింది.

ఎక్కకపోతే ఏమవుతుందో ఆలోచించండి. పదకొండు నెలల తర్వాత ప్రీ-సబ్మిషన్‌లో అదే సభ్యుడు అదే ప్రశ్న వేస్తారు, అప్పుడు ఎవరికీ పాత మాట గుర్తుండదు. అందుకే మినిట్స్ కాపీ తీసుకుని దగ్గర పెట్టుకోవాలి. డేటా సేకరణ ముగిసిందన్న మాట డిసెంబరులోనే కాగితం మీదికి రావడం మిగిలిన రెండు సెమిస్టర్లకు పునాది.

గైడ్ రిటైర్మెంట్ దగ్గర్లో ఉంటే ఆ సంగతి కూడా ఈ సమావేశంలోనే తేల్చాలి. 2022 నిబంధనల ప్రకారం రిటైరయ్యాక ఆయన సహ పర్యవేక్షకుడిగా, డెబ్బై ఏళ్లు నిండే వరకు, కొనసాగవచ్చు. పర్యవేక్షకుడిగా మాత్రం వేరొకరి పేరు రావాలి. కొత్త గైడ్ మీ అధ్యాయాలన్నీ మొదటి నుంచి చదవాలి కదా, ఆ రోజులూ లెక్కలోకి రావాలి.

రెండో సెమిస్టర్: మే నెల

సంక్రాంతి తర్వాత, జనవరి 19 నుంచి మూడో అధ్యాయం. ఇది పాతిక పేజీలే, సగం సినాప్సిస్‌లో ఇప్పటికే ఉంది. ఫిబ్రవరి 9న ఇచ్చి మార్చి 2న మాట్లాడుకుంటే, రెండో ప్రతి పని కూడా ఉగాదికి ముందే ముగుస్తుంది. రెండో అధ్యాయం, అంటే రివ్యూ, నలభై అయిదు పేజీలు. మార్చి 30న ఇస్తుంది, ఏప్రిల్ 20న చర్చ.

దాని రెండో ప్రతి మే 4న వెళుతుంది. ఇక్కడ 11 రోజుల లెక్క పనిచేయదు. మేలో పేపర్లు దిద్దడం, వేసవి సెలవులు, ఇంట్లో పెళ్లిళ్లు. నిజాయితీగా 35 రోజులు వేసి, జూన్ 8 అని రాసుకోవాలి. నేను పోగొట్టుకున్న మూడున్నర నెలలు సరిగ్గా ఈ రోజుల్లోనే పోయాయి. గైడ్‌కు ఈ కాలంలో కొత్త అధ్యాయం ఇవ్వకూడదు. ఒకసారి చదివేసిన అధ్యాయపు రెండో ప్రతి ఇస్తే ఆలస్యమైనా నష్టం తక్కువ.

మే నెల స్కాలర్‌కు మాత్రం బాగా పనికొస్తుంది. రివ్యూ పూర్తయ్యాక నాలుగు, ఐదు అధ్యాయాలను కొత్త కళ్లతో చదవాలి. రివ్యూలో "నీటి సంఘం" అని రాసింది, నాలుగులో "ఆయకట్టు కమిటీ" అని ఉంది. రెండూ ఒకటేనా? పట్టికల నంబర్లు, మ్యాపులు, రిఫరెన్సుల జాబితా అన్నీ ఈ నెలలోనే. రిఫరెన్సులను చివరి వారానికి వదిలేసినవాళ్లు, ఎక్కడో చదివిన పుస్తకం ప్రచురణ సంవత్సరం కోసం లైబ్రరీ చుట్టూ తిరగడం ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

జూన్ 22న రెండో ఆర్‌ఏసీ. నాలుగు అధ్యాయాలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఇది త్వరగా ముగుస్తుంది.

మూడో సెమిస్టర్: మొత్తం ప్రతి

ముగింపు అధ్యాయాన్ని ఉపోద్ఘాతం కంటే ముందు రాయాలి. చివరికి ఏం తేలిందో తెలియకుండా మొదట్లో ఏం అడుగుతున్నామో సరిగ్గా రాయలేం. ఆరో అధ్యాయం జులై 6న వెళుతుంది, 27న చర్చ, ఆగస్టు 14కల్లా రెండో ప్రతి కూడా చూసేస్తారు. ఉపోద్ఘాతం ఆగస్టు 17న ఇస్తే సెప్టెంబరు 7న చర్చ. దానికి రెండో ప్రతి విడిగా అక్కర్లేదు, మొత్తం థీసిస్‌తో కలిసి సెప్టెంబరు 21న వెళుతుంది.

మొత్తం ప్రతి చదవడానికి గైడ్‌కు అక్టోబరు 26 వరకు, అయిదు వారాలు. మధ్యలో దసరా ఉంది. ఈ చదువు లేకుండా సబ్మిట్ చేసిన థీసిస్‌లు నా చేతికి పరీక్షకు వచ్చినప్పుడు రెండు పేజీల్లోనే తెలిసిపోతుంది. ఒక అధ్యాయంలో 120 మంది, ఇంకోదాంట్లో 118 మంది. ఉపోద్ఘాతంలో నాలుగు ప్రశ్నలు, ముగింపులో మూడింటికే జవాబు. విడివిడిగా ప్రతి అధ్యాయమూ బాగానే ఉంటుంది, కలిపి ఎవరూ చదవలేదు.

ఈ అయిదు వారాలు స్కాలర్ ఖాళీగా ఉండకూడదు. లైబ్రరీ సారూప్యత తనిఖీకి అధ్యాయాలు పంపడం ఇప్పుడే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం లోపు సారూప్యతకు శిక్ష లేదు. పది నుంచి నలభై మధ్య ఉంటే సవరించి మళ్లీ ఇవ్వాలి, దానికి ఆరు నెలల లోపు గడువు పెడతారు. కొటేషన్ గుర్తులతో, ఆధారం చూపి ఇచ్చిన మాటలనూ, రిఫరెన్సుల జాబితానూ లెక్క నుంచి తీసేస్తారు. ఎక్కువగా పట్టుబడేది డేటా అధ్యాయాల్లో కాదు, మూడో అధ్యాయంలో. జిల్లా విస్తీర్ణం, వర్షపాతం, మండలాల వివరాలు గణాంక పుస్తకం నుంచి యథాతథంగా దింపి ఉంటారు. వేరే స్కాలర్లూ అదే పుస్తకం నుంచి దింపారు కాబట్టి ఆ ఆరు పేజీలూ ఎర్రగా వస్తాయి. పట్టికగా మార్చి, మీ ఆరు చెరువులకు సంబంధించినది మాత్రం ఉంచి, మిగతాది తీసేస్తే సరిపోతుంది. ఆమె నాలుగో అధ్యాయంలోంచి ఒక వ్యాసం ప్రచురించి ఉంటే అది కూడా సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. ఆ వ్యాసం తనదేనని, థీసిస్‌లోంచే వచ్చిందని గైడ్ ఇచ్చే పత్రం ఎలా ఉండాలో లైబ్రరీని ముందే అడిగి ఉంచాలి.

ప్రీ-సబ్మిషన్ నవంబరు 20న. దానికి ఎన్ని రోజుల ముందు నోటీసు కావాలి, తర్వాత ఎన్ని నెలల్లో థీసిస్ ఇవ్వాలి, సినాప్సిస్ ప్రతులు ఎన్ని అన్నవి ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటాయి. మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఆర్డినెన్స్‌ను జులైలోనే ప్రింట్ తీసుకుని, పరీక్షల విభాగంలో ఎవరు ఏ కాగితం చూస్తారో అడిగి రాసుకోవాలి. పరీక్షకుల పేర్ల ప్యానెల్ గైడ్ ఇవ్వాల్సినది. అది ఆలస్యమైతే థీసిస్ ఇచ్చాక కూడా ఆఫీసులోనే ఉండిపోతుంది, అందుకే ప్రీ-సబ్మిషన్ నాటికే సిద్ధం చేయమని అడగడంలో తప్పు లేదు.

ప్రజెంటేషన్‌లో వచ్చిన సూచనలకు రెండు వారాలు, తుది తనిఖీ, నో డ్యూస్, బైండింగ్‌కు రెండు వారాలు. డిసెంబరు 21న థీసిస్ ఆఫీసుకు చేరుతుంది. ఫెలోషిప్‌లో ఇంకా నెల మిగిలి ఉంది. ఎక్కడైనా ఒక తేదీ తప్పితే ఆ నెలే ఆదుకుంటుంది.

ఆ తర్వాత గైడ్ కాకుండా కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవాలి. మూల్యాంకనమంతా ఆరు నెలల్లో ముగించాలని నిబంధన. ఈలోపు మొదటి సెమిస్టర్ నుంచి రాస్తూ వచ్చిన ఆ కరెక్షన్ల పట్టికలను పారేయొద్దు. వైవాలో "పూడిక తీయని చెరువులను ఎందుకు చూడలేదు" అని పరీక్షకుడు అడిగినప్పుడు, 2025 డిసెంబరు ఆర్‌ఏసీ నిర్ణయమూ, మూడో అధ్యాయంలో దాన్ని రాసిన పేజీ నంబరూ ఆమె చేతిలో ఉంటాయి.